దుబ్బుకు పన్నెండు

ఈ ఏడు వ్యవసాయ బీఎస్సీలో చేరి, మొదటిసారి సస్యరక్షణ పాఠం వినబోతున్న విద్యార్థులందరికీ,

సాల్ట్ లేక్ నుంచి రాస్తున్నాను. గోదావరి డెల్టాలో ముప్పై ఏళ్లకు పైగా వ్యవసాయ శాఖలో పనిచేసి, రిటైరయ్యాక అమ్మాయి దగ్గరికి కలకత్తా వచ్చి ఉంటున్నవాణ్ని. పోయిన ఖరీఫ్‌లో ఒక సాయంత్రం మా తమ్ముడి కొడుకు ఊరి నుంచి ఫోన్ చేసి, "పెదనాన్నా, చేలో దోమ పడింది, ఏం కొట్టమంటావ్?" అన్నాడు. స్పీకర్లో విన్న మా మనవడు కంగారుపడ్డాడు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లవాడికి దోమంటే డెంగీ దోమే. వానాకాలం వస్తే వీధి వీధికీ పొగ కొట్టడం చూశాడు. "అయితే పొగ కొట్టించమను తాతా" అన్నాడు. వాడికి నేను చెప్పిన జవాబే కాస్త పెద్దది చేసి మీకు రాస్తున్నాను.

మేముండే చోటికి నడకదూరంలో, మూడో సెక్టార్ ఎఫ్‌బీ బ్లాకులో, కేంద్ర ప్రభుత్వపు ప్రాంతీయ సస్య క్వారంటైన్ కేంద్రం ఉంది. పొద్దున్నే వాకింగుకు దాని ముందు నుంచే వెళ్తాను. విదేశాల నుంచి వచ్చే విత్తనాలు, మొక్కలు, పప్పుల సరుకును పరీక్షించే యంత్రాంగం అది. మన దేశంలో లేని పురుగు ఒక్కటి, బతికున్నది, సరుకులో కనబడితే చాలు. సరుకు శుద్ధి చేయాలి, లేదా వెనక్కి పంపాలి, లేదా నాశనం చేయాలి. అక్కడ పరిమితి సున్నా. అక్కడివాళ్లు చదివిన కోర్సే చదివిన వ్యవసాయాధికారి వరి చేలో దుబ్బుకు పన్నెండు పురుగులు చూసి కూడా "ఇప్పుడే మందొద్దు" అని గట్టు దిగి వచ్చేస్తాడు. ఇద్దరూ సరిగ్గానే చేస్తున్నారు. ఈ సున్నాకూ ఆ పన్నెండుకూ మధ్య ఉన్న తేడా బోధపడితే సమగ్ర సస్యరక్షణలో సగం పాఠం అయిపోయినట్టే. క్వారంటైన్ వాళ్లది ఇంట్లోకి రానివ్వకూడని దొంగతో వ్యవహారం. పొలంలో అధికారిది ఎప్పటినుంచో అదే ఊళ్లో కాపురమున్నవాడితో వ్యవహారం.

మా వాడి చేలో పడింది సుడిదోమ. పేరులోనే దాని నడత ఉంది. అది చేనంతా సమంగా పాకదు. ఒక చోట గుమిగూడి, దుబ్బు మొదట్లో నీటికి కాస్త పైన కూర్చుని రసం పీలుస్తుంది. అక్కడ పైరు గుండ్రంగా సుడిలా ఎండుతుంది, ఆ సుడి విస్తరిస్తుంది. రైతులు దోమపోటు అనేది దీన్నే. గట్టు మీద నిలబడి చూస్తే చేను పచ్చగానే ఉంటుంది. సుడి కనబడే రోజుకి ఆ చోట పని అయిపోయి ఉంటుంది. అందుకే, "ఏం కొట్టమంటావ్" అన్నవాణ్ని నేనడిగిన మొదటి ప్రశ్న: "ఎన్నున్నాయి?"

"బోలెడున్నాయి" అన్నాడు. ఈ మాట ముప్పై ఏళ్లూ విన్నాను. బోలెడు అనేది అంకె కాదు.

మర్నాడు వాడితో ఫోన్లోనే లెక్క పెట్టించాను. గట్టు పక్క రెండు మూడు వరసలు వదిలేసి చేనుకు ఐమూలగా నడవాలి. కొన్ని అడుగులకొకటి చొప్పున ఇరవై దుబ్బులు చూడాలి. ఏ దుబ్బు చూడాలన్నది అడుగుల లెక్క చెప్పాలి గాని కన్ను చెప్పకూడదు. కన్నుకి వదిలేస్తే అది ఎండిన దుబ్బునే వెతుక్కుంటూ పోతుంది. దుబ్బును ఒక పక్కకు వంచి, మొదట్లో అరచేత్తో రెండు మూడుసార్లు తట్టి, నీటి మీద రాలినవాటినీ కాండాన్ని పట్టుకుని ఉన్నవాటినీ లెక్కించాలి. దోమలు ఒక వరసలో రాయాలి, సాలీళ్లు ఇంకో వరసలో. చిన్నగా, పచ్చగా, నల్లటి తలతో చురుగ్గా పరిగెత్తే మిరిడ్ నల్లుల్ని మూడో వరసలో. మొదటి ఏడాది విద్యార్థులు తప్పకుండా చేసే పొరపాటు ఇక్కడే ఉంది: మిరిడ్ నల్లిని కూడా దోమగా లెక్కేస్తారు. అది దోమ గుడ్లను వెతికి తినే పురుగు. మనకు పనిచేసిపెట్టేవాణ్ని దొంగల జాబితాలో చేర్చినట్టవుతుంది.

వాడు చెప్పిన అంకెలు నా డైరీలో ఉన్నాయి: 9, 14, 6, 11, 38, 12, 8, 15, 10, 7, 13, 9, 11, 5, 16, 12, 10, 8, 14, 12. మొత్తం 240, అంటే దుబ్బుకు 12. సాలీళ్లు 19, అంటే ఇంచుమించు దుబ్బుకొకటి. మిరిడ్ నల్లులు నలభై పైచిలుకు. పైరు చిరుపొట్ట దశలో ఉంది. దుబ్బుకు సగటున పన్నెండు పిలకలు.

ఈ పన్నెండు ఎక్కువా తక్కువా? దీనికి జవాబు పురుగును చూస్తే రాదు, డబ్బు లెక్క చూడాలి. 1959లో కాలిఫోర్నియాలో వెర్నన్ స్టెర్న్, రే స్మిత్, రాబర్ట్ వాన్ డెన్ బాష్, కెన్నెత్ హేగెన్ అనే నలుగురు శాస్త్రవేత్తలు ఒక వ్యాసం రాశారు. అల్ఫాల్ఫా పచ్చిమేతను పేనుబంక పాడుచేస్తుంటే, మందు కొట్టినకొద్దీ అది మొండికేస్తుంటే, వాళ్లు విసిగి అడిగిన ప్రశ్న చాలా మామూలుది: ఎన్ని పురుగులుంటే, మందు కొట్టిన ఖర్చు తిరిగొస్తుంది? మీ పుస్తకంలో ఈఐఎల్, ఈటీఎల్ అనే రెండు పొడి అక్షరాల మాటలు ఆ ప్రశ్న నుంచి పుట్టినవే. మొదటిది ఆర్థిక నష్ట స్థాయి: పురుగు తినే పంట విలువ, దాన్ని ఆపే ఖర్చుతో సమానమయ్యే చోటు. రెండోది చర్య తీసుకోవాల్సిన స్థాయి. పరీక్షలో ఈ రెండింటినీ కలగలిపి రాసేవాళ్లే ఎక్కువ. కలిపేస్తే ఏం పోతుందో చెప్తాను గాని, ముందు మొదటిది లెక్క కడదాం.

సూత్రం ఇది:

EIL = C ÷ (V × I × D × K)

C అంటే ఎకరానికి మందూ కూలీ కలిపి అయ్యే ఖర్చు. 1,500 రూపాయలు అనుకోండి. V అంటే పంట ధర. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. కిలో 24 అనుకుందాం. I, D రెండూ కలిస్తే ఒక్కో పురుగు వల్ల తగ్గే దిగుబడి. దుబ్బుకు ఒక దోమ పెరిగితే ఎకరానికి 4 కిలోలు పోతాయనుకోండి. ఈ నాలుగు నేను లెక్క కోసం తీసుకున్నది. రకాన్ని బట్టి, పైరు వయసును బట్టి మారుతుంది. K అంటే మన మందు ఆ నష్టంలో ఎంత భాగాన్ని ఆపగలదన్నది. నూటికి ఎనభై, అంటే 0.8.

1,500ను 24తో భాగిస్తే 62 కిలోలన్నర. మందు ఎనభై పాళ్లే పనిచేస్తుంది కాబట్టి దాన్ని 0.8తో భాగిస్తే 78 కిలోలు. అంటే మన డెల్టా కొలతలో ఒక బస్తా వడ్లు, ఇంకో మూడు కిలోలు. ఎకరానికి అంతకన్నా తక్కువ పోయే పరిస్థితిలో మందు కొడితే, దోమ తినాల్సిన బస్తాను మందు షాపుకి ఇచ్చినట్టు. 78ని 4తో భాగిస్తే 19.5. దుబ్బుకు ఇరవై దోమల దగ్గర లాభనష్టాలు సరిసమానం.

సూత్రాన్ని ఇక్కడే వదిలేయకండి, ఒక్కో అక్షరాన్నీ కాస్త కదిపి చూడండి. సాధారణ రకానికి బదులు కిలో 48 పలికే సన్నరకం వేశాడనుకోండి, ఇరవై కాస్తా పదికి దిగుతుంది. అదే పురుగు, అదే చేను. మార్కెట్లో ధర మారితే పరిమితి మారింది. ఇప్పుడు K సంగతి చూడండి. దోమ ఉండేది దుబ్బు మొదట్లో. కూలీ మనిషి గట్టు మీద నడుస్తూ ఆకుల పైన తడిపి పోతే మందు సగం కూడా చేరదు. K 0.4కి పడిపోతే పరిమితి 39 అవుతుంది. అలా కొట్టే మందుకు దుబ్బుకు ముప్పై తొమ్మిది దోమలు ఉంటే తప్ప ఖర్చు రాదు. నాట్లప్పుడే రెండు మీటర్లకొకటి చొప్పున తూర్పు పడమరలుగా జానెడు కాలిబాటలు తీయమని చెప్పేది గాలీ వెలుతురూ మొదట్లోకి పోతాయనే కాదు, స్ప్రేయర్ గొట్టం కూడా అక్కడిదాకా పోతుందని. కాలిబాట తీయడమంటే K పెంచడం. పుస్తకంలో ఈ రెండూ వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి.

C కదిపితే కథ ఇండొనేషియా దాకా పోతుంది. అక్కడి ప్రభుత్వం పురుగుమందుల ధరలో సింహభాగం తానే భరించేది. మందు చవకైతే మన సూత్రం ప్రకారం పరిమితి దిగిపోతుంది. 1,500 ఖర్చు 750 అయితే ఇరవై పదవుతుంది. లెక్క తప్పు కాదు. లెక్కే "కొట్టు" అంటుంది, రైతు కొడతాడు. 1984లో బియ్యంలో స్వయంసమృద్ధి సాధించామని చెప్పుకున్న ఆ దేశంలో తర్వాతి రెండేళ్లలో సుడిదోమ విరుచుకుపడింది. ఫిలిప్పీన్స్‌లో పీటర్ కెన్మోర్ అప్పటికే చేలల్లో చూపించి ఉన్నాడు: మందు కొట్టిన మడిలో దోమ పెరుగుతోంది, కొట్టని మడిలో అణగి ఉంటోంది. 1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో ఒక్క ఉత్తర్వుతో వరిపై 57 రకాల మందులను నిషేధించాడు. తర్వాత కొన్నేళ్లలో సబ్సిడీలు ఎత్తేశారు. దిగుబడి పడిపోలేదు. రైతుల్ని చేలోనే కూర్చోబెట్టి పురుగుల్ని గుర్తుపట్టించే బడులు అక్కడే పెద్దఎత్తున మొదలయ్యాయి. మన దగ్గర వాటినే పొలంబడి అన్నాం.

మందు కొడితే దోమ పెరగడమేమిటని మీకు అనుమానం రావాలి. ఆడదోమ గుడ్లను ఆకు తొడుగు కణజాలం లోపల చొప్పిస్తుంది. పైన పడ్డ మందు వాటిని తాకదు. పెద్దవి చస్తాయి, వాటితోపాటు గుడ్లు తినే మిరిడ్ నల్లులూ పిల్లల్ని పట్టే సాలీళ్లూ చస్తాయి. వారం తొమ్మిది రోజుల్లో గుడ్లు పగిలి పిల్లలొస్తాయి. అప్పటికి చేలో వాటిని పట్టేవాళ్లు లేరు. సాలీడు తిరిగి పెరగడానికి దోమ కన్నా చాలా ఎక్కువ కాలం కావాలి. దీనికి తోడు డెల్టామెత్రిన్ లాంటి కొన్ని సింథటిక్ పైరెత్రాయిడ్లు ఆడదోమ చేత ఇంకా ఎక్కువ గుడ్లు పెట్టిస్తాయి. సూత్రంలో C అన్నచోట మందు ధర, కూలీ రాశాం. చచ్చిన సాలీళ్ల ధర రాయలేదు. ఈ సూత్రంలో పెద్ద లోటు అదే.

తమిళనాడు సిఫార్సు ఈ లోటును ఎంత తేలికగా పూడ్చిందో చూడండి. సాలీడు లేకపోతే పిలకకు ఒక దోమ పరిమితి. దుబ్బుకొక సాలీడు ఉంటే పిలకకు రెండు. ఇంత చక్కటి వాక్యం సస్యరక్షణ పుస్తకాల్లో అరుదు. ఒక్క సాలీడు పరిమితిని రెట్టింపు చేసింది. మన రాష్ట్రాల సిఫార్సు పైరు వయసును పట్టుకుంటుంది: పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిక వేళ 20 నుంచి 25.

ఇప్పుడు మా వాడి పన్నెండు దగ్గరికి రండి. పన్నెండు పిలకలకు పన్నెండు దోమలు, పిలకకొకటి. సాలీళ్లను పట్టించుకోకపోతే తమిళనాడు లెక్కన మందు కొట్టాల్సిందే. మన లెక్కలో పిలక దశ అంకె ప్రకారం కొట్టొచ్చు, ఈనిక అంకె ప్రకారం అక్కర్లేదు. వాడి పైరు రెంటికీ మధ్యన ఉంది. అంకె ఒక్కటే పట్టుకున్న అధికారి ఇక్కడ బొమ్మా బొరుసూ వేయాలి.

ఇందాక ఆపిన సంగతి ఇక్కడ అక్కరకొస్తుంది. ఇరవై అనేది నష్టం మొదలయ్యే గీత. ఇరవైకి చేరాక మందు తెచ్చి, మనిషిని వెతికి, వాన తగ్గేదాకా ఆగి కొడితే అప్పటికి ముప్పై అయి ఉంటుంది. అందుకే చర్య తీసుకోవాల్సిన స్థాయిని ఎప్పుడూ నష్టస్థాయికి కింద పెడతారు. ఎంత కింద? మీకు మందు కొట్టడానికి ఎన్ని రోజులు పడుతుందో, ఆ రోజుల్లో పురుగు ఎంత పెరుగుతుందో అంత. నాలుగు రోజుల్లో మూడో వంతు పెరిగేలా ఉంటే, ఇరవైకి చేరకుండా పదిహేను దగ్గరే కదలాలి. స్ప్రేయర్ ఇంట్లోనే ఉన్న రైతుకూ, అద్దెకు తెచ్చుకునే రైతుకూ నిజానికి ఒకే ఈటీఎల్ ఉండకూడదు. ముద్రించిన అంకె అందరికీ సరిపోయేలా గుండ్రం చేసిన అంకె.

అంటే అడగాల్సింది "పన్నెండు ఎక్కువా?" అని కాదు. "పన్నెండు ఎటు పోతోంది?" అని. నీళ్లు తీసేసి మూడు నాలుగు రోజులు చేను ఆరగట్టమన్నాను. వేయబోతున్న యూరియా ఆపించాను. నాలుగో రోజు మళ్లీ ఇరవై దుబ్బులు చూడమన్నాను. పిల్ల దోమలు ఎన్ని, పొట్టి రెక్కల ఆడవి ఎన్ని అన్నది విడిగా రాయమన్నాను. పొట్టి రెక్కలవి ఎక్కువైతే అవి ఎగిరిపోవు, అక్కడే గుడ్లు పెడతాయి. అప్పుడు పన్నెండుకైనా భయపడాలి.

మరి ఆ 38? సగటు దాన్ని దాచేసింది. సుడిదోమ లాంటి గుంపుగా ఉండే పురుగుతో సగటుకు ఉన్న జబ్బు ఇదే. ఆ దుబ్బు చుట్టూ ఇంకో పది దుబ్బులు చూడమంటే సగటు 27 వచ్చింది. ఐదు సెంట్ల మేర. అక్కడ మాత్రం బుప్రోఫెజిన్ కొట్టించాను. అది పిల్లదోమలు కుబుసం విడవకుండా ఆపే మందు, సాలీళ్ల జోలికి పెద్దగా పోదు. ఎకరానికి 200 లీటర్ల నీటిలో 320 మిల్లీలీటర్లు చొప్పున, ఐదు సెంట్లకు 10 లీటర్ల నీరు, 16 మిల్లీలీటర్ల మందు. గొట్టం దుబ్బు మొదట్లోకి పెట్టి. మిగతా చేనంతా వదిలేశాం.

నాలుగో రోజు లెక్క 13, సాలీళ్లు 22. తొమ్మిదో రోజు 9. ఆ తర్వాత నేను లెక్క అడగలేదు, వాడూ చెప్పలేదు.

పక్క చేను సంగతి కూడా రాయాలి, లేకపోతే ఇది అదృష్టం కథలా ఉంటుంది. మావాడి చేనులాగే అదీ స్వర్ణ రకమే, నాట్లూ అదే వారం. నాటిన నెలకే అక్కడక్కడ ఆకుముడత కనబడిందని ఆ చేను రైతు పైరెత్రాయిడ్ కలిపిన జంట మందు కొట్టాడు. ఆ వయసులో పైరు కొన్ని ఆకులు పోయినా కొత్తవి వేసుకుని సర్దుకుంటుంది. నాటిన నెలా నలభై రోజుల్లోపు ఆకు తినే పురుగుకు మందు సాధారణంగా అక్కర్లేదు. మావాడు లెక్క పెట్టిన రోజే ఆ చేలోనూ పెట్టించాను. దోమలు దుబ్బుకు 26. ఇరవై దుబ్బుల్లో సాలీళ్లు రెండు. మూడుసార్లు మందు కొట్టాడు. అయినా కోతల నాటికి రెండు సుడులు మిగిలాయి. ఆయనకు సలహా ఇచ్చింది మందు షాపు. తప్పుపట్టను, ఆ రోజు ఆయనకు అందుబాటులో ఉన్న సలహాదారు అదొక్కటే.

ఈ లెక్క పనిచేయని చోట్లు కూడా ఉన్నాయి. పురుగు తినడం వల్ల కాక, తెగులు మోసుకురావడం వల్ల నష్టం జరిగేటప్పుడు ఈ భాగహారం చెల్లదు. పచ్చదోమ మామూలు చేలో దుబ్బుకు కొన్ని ఉన్నా ఊరుకోవచ్చు. టుంగ్రో వైరస్ ఉన్న ప్రాంతంలో రెండు ఉన్నా ప్రమాదమే. ఇంకా ఆ పరిమితి దిగిపోతూ పోతే చివరికి ఎఫ్‌బీ బ్లాకులో ఉన్న సున్నా దగ్గరికి చేరుతుంది. దేశంలోకి రాని పురుగుకు ఇక్కడ దాన్ని తినే సాలీడు ఎవరో తెలియదు, I తెలియదు, K తెలియదు. సూత్రంలో అన్నీ ఖాళీలే. అందుకే అక్కడ లెక్క కట్టరు, ఆపేస్తారు.

  

ఒక్కటి అడుగుతాను. ప్రాక్టికల్ రికార్డులో "పురుగుల సంఖ్య" అని ఒకటే గడి గీసి ఇస్తారు. మీరు పక్కన ఇంకో రెండు గీసుకోండి: ఒకటి సాలీళ్లకు, ఒకటి తేదీకి. మాస్టారు ఎందుకని అడిగితే ఈ ఉత్తరం చూపించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యవసాయాధికారి,
సాల్ట్ లేక్, కలకత్తా